పంపే ముందు పీపీటీ లోపల ఏముందో చూశారా?

2007లో అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పెట్టిన ఒక పీపీటీ పెద్ద చర్చకు దారితీసింది. అక్కడి గూఢచార సంస్థలు ప్రైవేటు కాంట్రాక్టర్లకు ఎంత పని అప్పగిస్తున్నాయో చెప్పే ప్రెజెంటేషన్ అది. ఖర్చు ఏటేటా ఎలా పెరిగిందో చూపించే చార్ట్ ఒకటి అందులో ఉంది. అసలు మొత్తం ఎంతన్నది రహస్యం కాబట్టి చార్ట్ మీద డాలర్ల అంకెలు వేయలేదు. ఆర్.జె. హిల్‌హౌస్ అనే రచయిత్రి ఆ చార్ట్ మీద రెండుసార్లు క్లిక్ చేస్తే, వెనకాల ఉన్న పట్టిక తెరుచుకుంది. అందులోని అంకెల ఆధారంగా గూఢచార బడ్జెట్ 6,000 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని ఆమె లెక్కగట్టారు.

మన ఆఫీసుల్లో రోజూ వాడే చార్టులూ ఇలాగే పనిచేస్తాయి. ఎక్సెల్‌లో వేసిన చార్ట్‌ను కాపీ చేసి పవర్‌పాయింట్‌లో అతికించేటప్పుడు Embed Workbook అన్న పద్ధతి ఎంచుకుంటే, చార్ట్‌తో పాటు ఆ ఎక్సెల్ ఫైల్ మొత్తం స్లైడ్ లోపలికి వచ్చేస్తుంది. చార్ట్‌కు అవసరమైన పది గడులే కాదు, పక్క షీట్లలో ఉన్న జీతాల పట్టిక, వేరే కస్టమర్లకు ఇచ్చిన రేట్లు కూడా. ఫైల్ అందుకున్నవారు చార్ట్ మీద రైట్ క్లిక్ చేసి Edit Data నొక్కితే అన్నీ కనిపిస్తాయి. కాబట్టి ఆ పని ముందు మనమే చేసి చూసుకోవాలి. బయటివారికి వెళ్లే ఫైల్‌లో అయితే చార్ట్‌ను కట్ చేసి, పేస్ట్ స్పెషల్‌లో చిత్రంగా అతికించడం మేలు. ఆ తర్వాత దాన్ని మార్చడం కుదరదు కాబట్టి ఈ పనులన్నీ ఫైల్ నకలు మీదే చేయాలి. అసలు ఫైల్ మన దగ్గర భద్రంగా ఉండాలి.

దాచిన స్లైడ్ల సంగతీ దాదాపు ఇంతే. Hide Slide నొక్కితే ఆ స్లైడ్ స్లైడ్‌షోలో రాదు, అంతే. ఫైల్ తెరిచినవారికి ఎడమ పక్క వరుసలో అది మసకగా, నంబరు మీద అడ్డగీతతో కనిపిస్తూనే ఉంటుంది. పోయిన నెల వేరే కంపెనీ కోసం చేసిన ధరల స్లైడ్ 'ఎప్పుడైనా పనికొస్తుంది' అని దాచి ఉంచితే, అది కూడా వీళ్ల చేతికి వెళుతుంది. పీడీఎఫ్‌గా మార్చినా గండం తప్పిందనుకోకూడదు. సేవ్ చేసేటప్పుడు ఆప్షన్లలో Include hidden slides దగ్గర టిక్ ఉంటే ఆ స్లైడ్ పీడీఎఫ్‌లోకీ వచ్చేస్తుంది. పంపే నకలులో స్లైడ్‌ను దాచి ఉంచకండి, తీసేయండి.

కామెంట్ల విషయంలో చాలామంది పొరబడేది Resolve దగ్గర. 'ఈ అంకె నాకు నమ్మకం లేదు, మేనేజర్‌ని అడుగు' అని సహోద్యోగి రాసిన మాటకు జవాబిచ్చి Resolve నొక్కితే, ఆ చర్చ ముగిసినట్టు గుర్తు పడుతుందే తప్ప ఫైల్‌లోంచి పోదు. రివ్యూ మెనూలో అన్ని కామెంట్లనూ ఒకేసారి తొలగించే వీలుంది, అదే వాడాలి. స్లైడ్ కింద ప్రసంగం కోసం రాసుకున్న నోట్స్ కూడా ఫైల్‌తో పాటే వెళతాయి. వీటిని వెతకడానికి పవర్‌పాయింట్‌లోనే ఒక పరికరం ఉంది. File మెనూలో Info, అక్కడ Check for Issues, అందులో Inspect Document. కామెంట్లు, నోట్స్, ఫైల్ రాసినవారి పేరు, స్లైడ్ అంచు దాటి పక్కన పడేసిన బొమ్మలు ఇది పట్టిస్తుంది. కానీ దాచిన స్లైడ్లు ఉంచాలో తీసేయాలో మనమే చూసుకోవాలి. ఒక బొమ్మ కింద ఇంకో బొమ్మ కప్పబడి ఉంటే అదీ దీనికి దొరకదు.

అంకెల తనిఖీకి మాత్రం ఏ పరికరమూ లేదు. నా దృష్టిలో ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఇక్కడే. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ కట్టాలనుకునే ఒకాయన బ్యాంకు రుణం కోసం పీపీటీ చేయించారనుకుందాం. ప్రాజెక్టు వ్యయం 6.40 కోట్లు. అందులో 70 శాతం, అంటే 4.48 కోట్లు బ్యాంకు ఇవ్వాలి. మిగతా 1.92 కోట్లు ఆయన పెట్టుకుంటారు. ఆఖరి వారంలో యంత్రాల కొటేషన్ 20 లక్షలు పెరిగింది. వ్యయం 6.60 కోట్లయింది కాబట్టి రుణం 4.62, సొంత వాటా 1.98 కావాలి. ఐదో స్లైడ్‌లోని పట్టికను సరిచేశారు. రెండో స్లైడ్‌లో చేత్తో టైప్ చేసిన 6.40 అలాగే ఉండిపోయింది. తొమ్మిదో స్లైడ్‌లోని పై చార్ట్‌లో సొంత వాటాను 1.98గా మార్చారు గానీ రుణం పాత 4.48 దగ్గరే ఆగింది. ఆ రెండూ కలిపితే 6.46 కోట్లు. అది పాత మొత్తమూ కాదు, కొత్తదీ కాదు. పైగా చార్ట్ తనంతట తాను శాతం లెక్కగట్టి రుణం 69 అని చూపిస్తుంటే, కింద వాక్యం 70 అంటోంది. బ్యాంకు అధికారి కన్ను ముందు పడేది సరిగ్గా అక్కడే. ఆ తర్వాత ఆదాయం స్లైడ్‌ను కూడా ఆయన అనుమానంగానే చదువుతారు.

దీనికి మార్గం కొత్త అంకెలు చూసుకోవడం కాదు, పాత అంకెలను వేటాడటం. కంట్రోల్ ఎఫ్ నొక్కి 6.40, 4.48, 1.92 ఒక్కొక్కటిగా వెతకాలి. 640 లక్షలు అని రాసిన చోటు ఉందేమో కూడా చూడాలి. చార్టుల్లోనూ, చిత్రాలుగా అతికించిన పట్టికల్లోనూ ఉన్న అంకెలు ఇలా వెతికితే దొరకవు. వాటిని కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకుని కళ్లతో చూడాల్సిందే. ప్రతి మొత్తాన్నీ ఒకసారి కూడి చూడండి. శాతాలను సర్దడం వల్ల 99 లేదా 101 వస్తే అది తప్పు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఆ మాట రాస్తే చాలు.

స్పెల్లింగ్ కోసం F7 నొక్కడం అందరికీ తెలుసు. అయితే మామూలు సెట్టింగుల్లో అది పూర్తిగా పెద్ద అక్షరాల్లో ఉన్న ఇంగ్లిష్ మాటలను వదిలేస్తుంది. అంటే శీర్షికలు అలా రాస్తే అందరికీ కనిపించే చోటే తనిఖీ జరగదు. మనుషుల పేర్లు, కంపెనీ పేర్లు వారి విజిటింగ్ కార్డు పక్కన పెట్టుకుని సరిచూడాలి. తెలుగు స్లైడ్లకు ఇంకో సమస్య ఉంది. అను ఫాంట్లలో టైప్ చేసిన తెలుగు, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలుగా మారిపోతుంది. యూనికోడ్‌లో టైప్ చేయడం దీనికి సరైన పరిష్కారం. అంత వ్యవధి లేకపోతే పీడీఎఫ్ చేసి పంపాలి.

లింకులను మన కంప్యూటర్‌లో నొక్కి చూస్తే సరిపోదు, అక్కడ అన్నీ తెరుచుకుంటాయి. `C:\Users` అని మొదలయ్యే లింకు అవతలివారికి పనిచేయదు. గూగుల్ డ్రైవ్ లింకును బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి అందులో నొక్కండి. లాగిన్ అడిగితే, అవతలివారినీ అడుగుతుందన్నమాట.

ఇవన్నీ అయ్యాక ఫైల్‌ను ముందు మీకే మెయిల్ చేసుకుని, ఫోన్‌లోనో వేరే కంప్యూటర్‌లోనో మొదటి నుంచి చివరిదాకా చూడండి. జీమెయిల్‌లో పంపిన మెయిల్‌ను ఆపుకోవడానికి గరిష్ఠంగా 30 సెకన్లే గడువు. అవుట్‌లుక్‌లో వెనక్కి పిలిచే వసతి ఒకే సంస్థ లోపలి మెయిల్స్‌కే పనిచేస్తుంది. బ్యాంకు ఇన్‌బాక్స్‌కు చేరిన ఫైల్‌ను వెనక్కి తెప్పించే బటన్ ఎక్కడా లేదు.