చెరకు సొమ్ము ఎన్ని చేతులు మారుతుంది? మోస్రా నేపథ్యంలో వ్యయ గుణకం

బోధన్ చెంతనున్న శక్కర్‌నగర్‌లో 1937లో నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. పరిసర గ్రామాలకు కలిగిన నష్టాన్ని లెక్కించేవారు, రైతులకూ కార్మికులకూ అందకుండా పోయిన సొమ్మును ఏదో ఒక గుణకంతో హెచ్చవేయడం సహజం. ఆ గుణకం ఎంత ఉండాలన్నదే ఇక్కడి ప్రశ్న. మోస్రాను దృష్టిలో ఉంచుకొని ఒక ఊహాత్మక లెక్కతో దీనిని పరిశీలిద్దాం.

మోస్రా రైతుకు చెరకు ధరగా 100 రూపాయలు అందాయనుకుందాం. అదనపు ఆదాయంలో వినియోగానికి వెళ్లే భాగాన్ని ఉపాంత వినియోగ ప్రవృత్తి అంటారు. అది 0.8 అయితే రైతు 80 రూపాయలు ఖర్చు చేస్తాడు. అది కిరాణా వర్తకునికో కూలీకో ఆదాయమవుతుంది. వారు అందులో 64 ఖర్చు చేస్తారు. ఈ వరుస తరుగుతూ సాగి మొత్తం ఆదాయం 500 వద్ద నిలుస్తుంది. అంటే గుణకం 1/(1−0.8), అనగా 5. 1931లో కాన్ ప్రతిపాదించగా, 1936లో కీన్స్ తన సిద్ధాంతంలో ప్రధాన స్థానమిచ్చిన భావన ఇదే.

ఇప్పుడు ప్రతి ఆదాయంపై 10 శాతం పన్ను ఉందనుకుందాం. చేతికి మిగిలేది 90, ఖర్చయ్యేది 72. గుణకం 1/(1−0.72), సుమారు 3.57కు తగ్గుతుంది. అయితే వ్యవసాయ ఆదాయంపై కేంద్ర ఆదాయపు పన్ను లేదు కనుక, చెరకు సొమ్ము తొలి విడతలో ఈ కోతకు లోబడదు. గ్రామంలో పన్ను ప్రభావం ఈ లెక్క చూపినంత ఉండదు.

అసలు కోత దిగుమతులది. గ్రామం విషయంలో దిగుమతి అంటే విదేశీ సరుకు మాత్రమే కాదు; నిజామాబాద్ నుండి వచ్చే వస్త్రమూ, హైదరాబాద్ నుండి వచ్చే మందులూ మోస్రాకు దిగుమతులే. ఖర్చయిన 72లో సగం ఇలా ఊరు దాటితే, తరువాతి విడతకు మిగిలేది 36. గుణకం 1/(1−0.36), దాదాపు 1.56. అయిదింతలనుకున్నది ఒకటిన్నరకు చేరింది!

ఊరు దాటిన సొమ్ము నశించదు, నిజామాబాద్ వర్తకుని ఆదాయమవుతుంది. కనుక జిల్లాను ప్రమాణంగా తీసుకుంటే గుణకం పెరుగుతుంది, రాష్ట్రమైతే మరింత పెరుగుతుంది. ఏ పరిధికి లెక్కిస్తున్నారో చెప్పని గుణకాన్ని నమ్మలేం. పైగా చెరకు మానిన రైతు వరి వేసుకుంటే, ఆ ఆదాయాన్ని మినహాయించిన తరువాతనే గుణకాన్ని వర్తింపజేయాలి.

క్షేత్ర పరిశోధనలో తరచు జరిగే పొరపాటు మరొకటి ఉంది. కుటుంబపు మొత్తం ఖర్చులో బయటి సరుకుల వాటాను అడిగి, దానినే దిగుమతి ప్రవృత్తిగా వాడుతారు. కావలసింది అదనపు రూపాయి వెళ్లే దారి. బియ్యం, పాలు ఊరిలోనే దొరుకుతాయి. చేతిలో నాలుగు డబ్బులు ఎక్కువైనప్పుడు కొనే ద్విచక్రవాహనం, బంగారం బయటివి. అందువల్ల సగటు వాటా ఆధారంగా వేసిన గుణకం వాస్తవాన్ని మించే అవకాశమే ఎక్కువ. గత ఏడాది కంటే ఆదాయం పెరిగిన ఇళ్లలో, ఆ పెరుగుదలతో ఏమి కొన్నారో, ఎక్కడ కొన్నారో అడిగితే ఈ తేడా బయటపడుతుంది.