టికెట్ ఎక్కడ ఆగింది?

సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ప్రతి పనికీ జిరా లాంటి ట్రాకర్‌లో ఒక టికెట్ ఉంటుంది. అందులో `History` నొక్కితే టికెట్ ఏ దశలోంచి ఏ దశలోకి ఎప్పుడు వెళ్లిందో, ఎవరి పేరు మీదకు మారిందో తేదీ, టైముతో సహా కనిపిస్తుంది. పని ఆలస్యమైతే చాలామంది ముందు పేర్లే వెతుకుతారు. మొదటిసారి చదివేటప్పుడు పేర్లు పక్కన పెట్టి, దశలూ టైములూ మాత్రం కాగితం మీద రాసుకోవాలంటాను.

ఉదాహరణకు, యాప్‌లో డబ్బు కట్టినా రసీదు రావడం లేదన్న ఫిర్యాదు అనుకుందాం. 3వ తేదీ సోమవారం పొద్దున టికెట్ తెరిచారు. మర్నాడు పదింటికి `In Progress`. బుధవారం సాయంత్రం ఐదింటికి `In Review`, అంటే రాసిన కోడ్‌ను ఇంకొకరు చూడాల్సిన దశ. 11వ తేదీ మంగళవారం పదకొండింటికి `In Testing`. బుధవారం మధ్యాహ్నం `Done`.

కోడ్ రాయడానికి రెండు రోజులు పడితే, రివ్యూలోనే దాదాపు ఆరు రోజులు గడిచాయి. శని, ఆదివారాలు తీసేసినా గురు, శుక్ర, సోమ మిగులుతాయి. అయితే ఆ రోజులన్నీ టికెట్ ఊరికే ఆగి ఉందా, లేక ఎవరైనా చూస్తూనే ఉన్నారా? దశ పేరు ఆ సంగతి చెప్పదు. దానికి కోడ్ రివ్యూ పేజీలో వ్యాఖ్యల టైములు చూడాలి. మొదటి వ్యాఖ్య సోమవారం సాయంత్రం నాలుగింటికి వచ్చింది, ఆమోదం మంగళవారం పదిన్నరకు. చూడటానికి పట్టింది కొన్ని గంటలే. మిగతాదంతా చూడటం మొదలయ్యేదాకా ఆగిన కాలం.

ఇప్పుడు పేరు చూడవచ్చు. ఆ వారం అదే మనిషి దగ్గర రివ్యూకు ఇంకో ఐదు టికెట్లు ఉన్నాయి. చెల్లింపుల కోడ్ తెలిసింది ఆ ఒక్కరికే. ఈ మధ్యే పూర్తయిన మరికొన్ని టికెట్లు తెరిచి చూడండి. వేర్వేరు పేర్ల మీద కూడా అదే దశలో ఆగి ఉంటే చిక్కు పని పంచుకునే తీరులో ఉంది. అందుకే మీటింగులో "ఎందుకు చూడలేదు?" అని కాకుండా "ఆ మూడు రోజులూ టికెట్ దేనికోసం ఆగింది?" అని అడగాలి.

ఇది మర్యాద కోసం మాత్రమే చెబుతున్న మాట కాదు. హిస్టరీని తప్పులు పట్టడానికి వాడితే జనం పని కాకుండానే టికెట్‌ను ముందుకు జరపడం మొదలుపెడతారు. రెండు నిమిషాల్లో మూడు దశలు దాటిన టికెట్లు కనిపిస్తే, అవి తర్వాత ఒకేసారి సర్దినవి కావచ్చు. అక్కడి టైములను లెక్కలోకి తీసుకోకూడదు.

ఆ టీమ్ చెల్లింపుల కోడ్‌ను రెండో మనిషికి నేర్పించి, రివ్యూలో నాలుగు టికెట్లుంటే కొత్త పని మొదలుపెట్టకూడదని నియమం పెట్టుకోవచ్చు. నెల తర్వాత మళ్లీ అవే దశలు లెక్కించాలి. రివ్యూలో రోజులు తగ్గి టెస్టింగ్‌లో పెరిగితే క్యూ అక్కడికి మారిందన్నమాట. అప్పుడు ఆ దశకు వ్యాఖ్యల టైములు తీయాలి.