మూడుసార్లు ‘3’ ఎందుకు పంపాలి?

తూకం యంత్రాల్లోనూ చిన్న పరికరాల్లోనూ కనిపించే 16 అక్షరాల, రెండు వరుసల ఎల్‌సీడీని చాలావరకు నడిపేది హిటాచీ హెచ్‌డీ44780 చిప్, లేదా దాని పోలికలో చేసినది. దానికి ఎనిమిది డేటా తీగలుంటాయి. మైక్రోకంట్రోలర్‌లో పిన్నులు మిగలాలంటే పై నాలుగు, D4 నుంచి D7 వరకు, కలిపితే చాలు. ఒక్కో బైటు అప్పుడు రెండు ముక్కలుగా వెళ్తుంది, పై సగం ముందు.

చిక్కు ఇక్కడే ఉంది. ఎల్‌సీడీకి కరెంటు పోకుండా మైక్రోకంట్రోలర్ ఒక్కటే రీసెట్ అయిందనుకోండి. ఎల్‌సీడీ ఇంకా రెండో ముక్క కోసమే ఎదురుచూస్తుండవచ్చు. అప్పుడు పంపిన మొదటి 3 ఆ పాత బైటును పూర్తి చేస్తుంది. తర్వాతి రెండు 3లు కలిసి 0x33 అవుతాయి. దాని అర్థం ‘ఎనిమిది బిట్ల పద్ధతికి రా’. ముందు ఏ స్థితిలో ఉన్నా, మూడు 3ల తర్వాత చిప్ అక్కడికే చేరుతుంది. ఆపైన ఒంటరి 2 దాన్ని నాలుగు బిట్లకు మారుస్తుంది.

```
40 ms ఆగాలి
3 → 4.1 ms ఆగాలి
3 → 100 µs ఆగాలి
3
2
0x28, 0x08, 0x01, 0x06, 0x0C
```

చివరి వరుసలోవి రెండేసి ముక్కలుగా వెళ్తాయి. తెర తుడిచే 0x01 తర్వాత 2 ms ఆగాలి.

పై వరుసంతా నల్ల గళ్లే కనిపిస్తే ఈ క్రమం చిప్‌కు అందలేదు. పిచ్చి అక్షరాలు వస్తే ముక్కల వరుస తప్పి ఉండవచ్చు. ముందు ఆగే సమయాలు పెంచి చూడండి.