మాక్ టెస్టుల వారం: తప్పుల డైరీ చెప్పే లెక్క

రైల్వే ఎన్‌టీపీసీ ఉద్యోగాల మొదటి దశ కంప్యూటర్ పరీక్షలో 100 ప్రశ్నలుంటాయి. గణితంలో 30, రీజనింగ్‌లో 30, జనరల్ అవేర్‌నెస్‌లో 40. సమయం 90 నిమిషాలు, అంటే ఒక్కో ప్రశ్నకు సగటున 54 సెకన్లు. ప్రతి ప్రశ్నకూ ఒక మార్కు, తప్పు జవాబుకు మూడో వంతు కోత. మూడు తప్పులు చేస్తే సరిగ్గా రాసిన ఒక జవాబు తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే ఈ పరీక్షకు సిద్ధమయ్యేవారు సరైన జవాబుల కన్నా తప్పుల మీద ఎక్కువ దృష్టి పెట్టాలి. చాలామంది మాక్ టెస్టు రాయగానే స్కోరు చూస్తారు, కీ తిరగేస్తారు, తప్పుల పక్కన ‘సిల్లీ మిస్టేక్’ అని రాసి మరో టెస్టుకు వెళ్లిపోతారు. ఆ రెండు మాటల వల్ల ఏ ఉపయోగమూ లేదు. తప్పు ఎక్కడ జరిగిందో, ఎందుకు జరిగిందో వాటిలో ఉండదు.

తప్పుల డైరీకి పెద్ద హంగులేమీ అక్కర్లేదు. ప్రశ్న సంఖ్య, పెట్టిన ఆప్షన్, అది ఎందుకు సరైందనిపించింది అన్న మూడు వివరాలు చాలు. వీటిలో మూడోదే ప్రాణం. దాన్ని కీ చూడకముందే రాయాలి. జవాబు తెలిశాక మనసు తనకు అనుకూలంగా కథ అల్లుకుంటుంది. అప్పుడు ప్రతి తప్పూ ‘తెలిసిందే, కంగారులో పోయింది’ అన్నట్టే కనిపిస్తుంది. నిజంగా కంగారా, లేక తెలియకపోవడమా అని తేల్చుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. ఏ ప్రశ్నలు తప్పాయో మాత్రం తెలుసుకుని, సరైన జవాబు చూడకుండా, గడియారం పక్కన పెట్టి మళ్లీ చేయాలి. రెండోసారి సరిగ్గా వస్తే అది చదవడంలోనో లెక్కలోనో దొర్లిన జారుపాటు. మళ్లీ తప్పితే విషయమే రాదని అర్థం. ఈ రెండింటికీ మందులు వేరు.

ఒక వారం డైరీ ఎలా ఉంటుందో నమూనాగా చూద్దాం. సోమవారం మాక్‌లో అభ్యర్థి 84 ప్రశ్నలకు జవాబిచ్చాడు. 57 ఒప్పు, 27 తప్పు. కోత 9 మార్కులు పోగా స్కోరు 48. మళ్లీ చేసి చూస్తే ఆ 27 తప్పుల్లో 9 తెలిసి జారినవి, 7 ఊహించి పెట్టినవి, మిగిలిన 11 అసలు తెలియనివి. తెలియనివాటిలో ఎక్కువ భాగం జనరల్ అవేర్‌నెస్ బిట్లే.

జారిన తొమ్మిదింటిలో ఒకటి రైలు లెక్క. 150 మీటర్ల పొడవున్న రైలు గంటకు 54 కిలోమీటర్ల వేగంతో 300 మీటర్ల ప్లాట్‌ఫాంను దాటడానికి ఎంత సమయం పడుతుంది? 54ను 5/18తో గుణిస్తే సెకనుకు 15 మీటర్లు. అభ్యర్థి ఇంతవరకూ సరిగ్గానే వచ్చి, 300ను 15తో భాగించి 20 సెకన్లు అని పెట్టాడు. సరైన జవాబు 30. ఇంజన్ ప్లాట్‌ఫాం మొదలుకు చేరినప్పటి నుంచి చివరి బోగీ ప్లాట్‌ఫాం దాటేదాకా రైలు తన పొడవునూ కలుపుకొని 450 మీటర్లు కదలాలి. 20 ఆప్షన్లలో ఉండటం యాదృచ్ఛికం కాదు. ఎవరు ఎక్కడ జారతారో ప్రశ్నపత్రం తయారుచేసేవారికి బాగా తెలుసు. రైలు పొడవును మాత్రమే తీసుకునేవారి కోసం 10 కూడా అక్కడే ఉంటుంది. జవాబు ఆప్షన్లలో కనిపించింది కదా అని లెక్క సరైందేనని నమ్మడం వల్ల ఈ వలలో పడతారు.

సోమవారం డైరీలో దీని పక్కన కూడా ‘సిల్లీ’ అనే ఉంది. మంగళవారం ప్లాట్‌ఫాం బదులు వంతెన వచ్చింది, అదే తప్పు మళ్లీ జరిగింది. అప్పుడు అసలు కారణం కాగితం మీదికి వచ్చింది: ‘రైలు పొడవు కలపలేదు. స్తంభాన్ని దాటే లెక్కలే ఎక్కువ చేశాను, వాటిలో ఒక్క పొడవే ఉంటుంది.’ బుధవారం టెస్టు పెట్టుకోకుండా ఇలాంటి జారుపాట్లనే తిరిగి చేయడంతో గడిచింది. అంకెలు ముట్టుకోకముందు ఇంజన్ ఎక్కడ మొదలైంది, చివరి బోగీ ఎక్కడ ఆగాలి అని రెండు గీతలు గీయడం అభ్యర్థి అలవాటు చేసుకున్నాడు. గురువారం ఇదే రకం లెక్క సరిగ్గా వచ్చింది.

ఆదివారం తప్పు రూపం మార్చుకుంది. 120, 180 మీటర్ల రైళ్లు రెండు గంటకు 48, 60 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వస్తూ ఒకదాన్నొకటి దాటాలి. ఈసారి పొడవులు కలిపి 300 చేశాడు గానీ వేగాలను కలపాల్సింది పోయి తీసివేశాడు. వచ్చిన జవాబు 90 సెకన్లు. వేగాలు కలిపితే గంటకు 108 కిలోమీటర్లు, అంటే సెకనుకు 30 మీటర్లు. సరైన జవాబు 10 సెకన్లు. ‘రైళ్ల లెక్కలు తప్పాయి’ అని అధ్యాయం పేరు రాసుకుని ఉంటే మంగళవారానికీ ఆదివారానికీ తేడా తెలిసేది కాదు. కారణం రాసుకున్నందువల్ల పాత లోపం పోయిందనీ, ఇది కొత్తదనీ స్పష్టంగా తెలిసింది.

ఊహించి పెట్టిన జవాబుల సంగతి వేరు. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఒకటి పెడితే నాలుగింట ఒకటి తగులుతుంది, మూడు పోతాయి. వచ్చిన మార్కూ, మూడు కోతలూ సరిగ్గా సమానం, కాబట్టి సగటున మిగిలేది సున్నా. ఒక్క ఆప్షన్‌ను సరైన కారణంతో కొట్టేయగలిగితే సగటున మార్కులో తొమ్మిదో వంతు లాభం. రెండు కొట్టేస్తే మూడో వంతు. సోమవారం ఊహించినవి మొత్తం 12. రెండు ఆప్షన్ల మధ్య ఊగిసలాడిన ఆరింటిలో నాలుగు తగిలాయి. ఏ ఆధారమూ లేకుండా పెట్టిన ఆరింటిలో ఒక్కటే తగిలింది. ఇంత చిన్న అంకెల్లో అదృష్టం పాలు చాలా ఉంటుంది. అయినా ఎంత నమ్మకంతో పెట్టాడో పక్కన గుర్తు వేసుకోకపోతే ఈ రెండు రకాలూ కలిసిపోతాయి. గురువారం నుంచి ఒక నియమం: కనీసం ఒక ఆప్షన్‌ను ఎందుకు కొట్టేశాడో ఒక్క మాటలో చెప్పలేకపోతే ఆ ప్రశ్న ఖాళీగా వదిలేయడం. అలా మిగిలిన నిమిషాలు, ‘వీటిలో సరికానిది ఏది’ అన్న ప్రశ్నలను రెండోసారి చదవడానికి పనికొచ్చాయి.

ఆదివారం లెక్క ఇది: 81 ప్రశ్నలకు జవాబులు, 60 ఒప్పు, 21 తప్పు, స్కోరు 53. ఐదు మార్కులు పెరిగాయి గానీ దాన్ని అంతగా నమ్మడానికి లేదు. ఒక మాక్ కష్టంగా, మరొకటి తేలికగా ఉండటం మామూలే. అసలు పరీక్షలోనూ షిఫ్టుల మధ్య ఈ తేడాను సరిచేయడానికే రైల్వే బోర్డులు మార్కులను నార్మలైజ్ చేస్తాయి. స్కోరు కన్నా గట్టి ఆధారం తప్పుల విభజనలో ఉంది. జారుపాట్లు 9 నుంచి 4కు వచ్చాయి. ఊహ తప్పినవి 7 నుంచి 5కు తగ్గాయి. తెలియనివి మాత్రం 11 నుంచి 12 అయ్యాయి.

చదివే తీరునూ, లెక్క మొదలుపెట్టే పద్ధతినీ వారంలో మార్చుకోవచ్చు. రాజ్యాంగ అధికరణలు, నదులు, వర్తమాన వ్యవహారాలు మాక్ టెస్టులు రాసినంత మాత్రాన రావు. ఆ 12 ప్రశ్నల అంశాలను విడిగా రాసుకుని, అవి పాఠ్యపుస్తకాల్లో చదివేదాకా ఆ విభాగంలో కొత్త మాక్ పెట్టుకోకపోవడమే మంచిది.