గదులన్నీ చూశాం, ఇల్లే అర్థం కాలేదు

ఫ్లాట్ అమ్మకానికో అద్దెకో పెట్టినప్పుడు ఈ రోజుల్లో ముందు అడిగేది వీడియోనే. హైదరాబాద్‌లో ఇల్లు చూడాల్సినవాళ్లు బెంగళూరులోనో డాలస్‌లోనో ఉంటారు. ఇక్కడున్న బంధువో వాచ్‌మనో గదికొక క్లిప్ తీసి వాట్సాప్‌లో పంపుతారు. వాటన్నిటినీ అతికించి, పాట జోడించి, రెండు నిమిషాల వీడియో చేస్తారు. చూసినవాళ్లు ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న మాత్రం ఇది: "అన్నీ బాగున్నాయండీ, కానీ వంటగది ఎటువైపు వస్తుంది?"

గదులు కనిపించాయి గానీ ఒక గదికీ ఇంకో గదికీ ఉన్న సంబంధం కనిపించలేదు. ఆ సంబంధం ఉండేది గోడల్లో కాదు, తలుపుల దగ్గర. అందుకే ఇలాంటి వీడియోలో అన్నిటికంటే విలువైన క్షణాలు గది మధ్యలో నిలబడి తీసినవి కావు. గుమ్మం దాటుతూ తీసినవి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తూర్పు ఫేసింగ్ రెండు పడకగదుల ఫ్లాట్. సింహద్వారంలోంచి లోపలికి వస్తే మన ముఖం పడమరకు ఉంటుంది. ఎడమచేతి వైపు దక్షిణం, కుడిచేతి వైపు ఉత్తరం. రాగానే ఎడమవైపు ఆగ్నేయంలో వంటగది, కుడివైపు ఈశాన్యంలో పూజగది. మధ్యలో హాలు, దానికి ఉత్తరాన బాల్కనీ. హాలు చివర చిన్న నడవా. అందులో ఎడమవైపు తిరిగితే నైరుతిలో మాస్టర్ బెడ్‌రూమ్, కుడివైపు వాయవ్యంలో రెండో పడకగది, ఎదురుగా కామన్ బాత్‌రూమ్. ఎడిటింగ్ మొదలుపెట్టే ముందు ఈ బొమ్మ ఒక కాగితం మీద గీసుకోవాలి. అది చేతిలో లేకుండా క్లిప్పులు పేర్చడం దండగ.

వచ్చిన క్లిప్పుల పేర్లను నమ్ముకోకూడదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వాట్సాప్ వీడియోలకు VID-20240612-WA0003.mp4 లాంటి పేర్లు వస్తాయి. అందులోని చివరి అంకె అవి మనకు చేరిన వరుస, ఇంట్లో నడిచిన వరుస కాదు. కాబట్టి కాగితం మీది బొమ్మ చూస్తూ ఒక్కో ఫైలుకూ మనమే పేరు మార్చాలి: 01_door, 02_hall, 03_pooja, 04_kitchen అని. ఇలా పేర్లు పెడుతున్నప్పుడే ఏ గదికి వెళ్లే దారి వీడియోలో లేదో తెలిసిపోతుంది.

చాలామంది అందంగా ఉన్న క్లిప్పును ముందు పెడతారు. బాల్కనీలోంచి కనిపించే చెరువు, ఆ తర్వాత కొత్తగా చేయించిన మాడ్యులర్ కిచెన్. చూసేవాడికి తానెక్కడ నిలబడ్డాడో తెలియకముందే రెండు మూలలకు వెళ్లొచ్చేస్తాడు. చెరువు అంత బాగుంటే మొదట మూడు సెకన్లు చూపించి, వెంటనే లిఫ్ట్ దగ్గరికి వచ్చేయండి. అసలు నడక అక్కడి నుంచి మొదలవ్వాలి: కారిడార్, సింహద్వారం, లోపలికి ఒక అడుగు. అక్కడ ఆగి, హాలంతా ఒకే చూపులో కనబడేలా ఏడెనిమిది సెకన్లు. ఈ ఒక్క షాట్‌లో నడవా కూడా దూరంగా కనిపించాలి. ఎందుకంటే తర్వాత వెళ్లబోయేది అక్కడికే.

ఇక్కడి నుంచి హాలే మనకు ఆధారం. పూజగది చూసి హాల్లోకి, వంటగది చూసి హాల్లోకి, బాల్కనీ చూసి హాల్లోకి. తిరిగి వచ్చిన ప్రతిసారీ రెండు సెకన్లు చాలు, కానీ ఆ రెండు సెకన్లలో ఒక గుర్తు కనబడాలి. టీవీ గోడో, నీలం రంగు సోఫానో, ఏదైనా సరే. చూసేవాడు ఆ సోఫాను పట్టుకుని దిక్కు సరిచూసుకుంటాడు. విసుగు పుడుతుందేమోనని ఈ తిరుగు షాట్లను కత్తిరించేస్తుంటారు. ఇంటి అమరిక తెలియకుండా పోయేది అక్కడే.

ఇక గుమ్మం దగ్గర కోత ఎలా వేయాలి? హాలు క్లిప్పు వంటగది వైపు నడుస్తూ ఉంటుంది. తలుపు ఫ్రేము తెరకు రెండు అంచులా కనబడే దాకా దాన్ని ఉంచి, అక్కడ ఆపాలి. వంటగది క్లిప్పు కూడా అదే గుమ్మంలో నిలబడి, అదే ఎత్తు నుంచి, అదే దిక్కుకు చూస్తూ మొదలవ్వాలి. ఆ రెండూ కలిస్తే కోత ఉన్నట్టే తెలియదు. ఫోన్‌ను ఛాతీ ఎత్తులో నిటారుగా పట్టుకుని అన్ని గదులూ తీస్తే ఈ కలయిక తేలిక. ఒక దృశ్యం కరిగి ఇంకోటి వచ్చే ఎఫెక్టులు మాత్రం ఇక్కడ వద్దు. సినిమాలు చూసి అలవాటైన కంటికి అది కాలం గడిచిందనో చోటు మారిందనో అనిపిస్తుంది. పక్కగదే అయినా ఎక్కడో దూరంగా ఉన్నట్టవుతుంది.

వంటగది క్లిప్పు తిన్నగా స్టవ్ దగ్గరే మొదలైందనుకోండి. గుమ్మం లేదు, హాలు లేదు. వీలైతే హాల్లో నిలబడి ఆ తలుపు వైపు ఐదు సెకన్లు మళ్లీ తీయించుకోవడమే మంచిది. వీలు కాకపోతే, ఇంటి ప్లాను మీద ఆ గదికి రంగు వేసి, వెళ్లే దారికి బాణం గీసి, మూడు నాలుగు సెకన్లు మధ్యలో పెట్టాలి. కెమెరాను అటూ ఇటూ గిరగిరా తిప్పే క్లిప్పుతో ఆ ఖాళీని పూడ్చితే గందరగోళం పెరుగుతుందే తప్ప తగ్గదు.

తిప్పే దిశ కూడా ఒకటే ఉండాలి. ప్రతి గదిలోనూ గుమ్మంలో నిలబడి ఎడమ నుంచి కుడికి, నిదానంగా తిప్పి, చివర వచ్చిన తలుపునే చూపిస్తూ ముగించాలి. మన ఫ్లాట్‌లో మాస్టర్ బెడ్‌రూమ్ నుంచి బయటికి చూస్తే నడవాకు అవతల రెండో పడకగది తలుపు ఎదురుగా కనిపిస్తుంది. ఆ చూపుతో క్లిప్పు ముగిస్తే, తర్వాతి గది ఎక్కడుందో ఎవరూ మాటల్లో చెప్పక్కర్లేదు.

మరీ జాగ్రత్తగా ఉండాల్సింది అద్దంలోలా తిరగబడిన క్లిప్పుతో. కొన్ని ఫోన్లలో సెల్ఫీ కెమెరాతో తీసినా, ఎడిటింగ్ యాప్‌లో ఫ్రేము బాగుందని తిప్పేసినా కుడి ఎడమలు తారుమారవుతాయి. మన వంటగదిలో స్టవ్ గట్టు తూర్పు గోడకు ఉంది, లోపలికి వెళితే ఎడమచేతి వైపు. క్లిప్పు తిరగబడితే అది కుడివైపుకు, అంటే పడమర గోడకు వెళ్లిపోతుంది. వాస్తు పట్టింపు ఉన్న కొనుగోలుదారు అక్కడితో ఆ ఇంటిని పక్కన పెట్టేస్తాడు. క్యాలెండరు మీద అక్షరాలు, గడియారం మీద అంకెలు చూస్తే ఈ తప్పు ఇట్టే దొరుకుతుంది.

వరుస ఎంత బాగా కుదిరినా వీడియో కొలతలు చెప్పలేదు. ఫోన్‌లోని 0.5x లెన్సుతో తీస్తే పది అడుగుల గది హాలంత కనిపిస్తుంది, అంచుల్లో ఉన్న మంచం సాగిపోతుంది. గదులన్నీ 1x తోనే తీసి, నిలబడే చోటు లేని బాత్‌రూమ్‌కు మాత్రమే 0.5x వాడండి. గది కొలతలు అడుగుల్లో తెర మీద రాయండి. పెద్దగా చూపించి రప్పించిన మనిషి గుమ్మంలోనే నిరాశపడతాడు, అది మోసమనే నా అభిప్రాయం.

వీడియో పంపే ముందు, ఆ ఇల్లు ఎన్నడూ చూడని మనిషికి ఒక్కసారి వేసి చూపించి, చేతికి కాగితం ఇచ్చి ప్లాను గీయమనండి. కొలతలు తప్పినా పర్లేదు. వంటగది వేరే పక్కన గీస్తే మాత్రం, హాలు నుంచి వంటగదికి వెళ్లే ఆ ఒక్క కోతను మళ్లీ చేయండి.