లిమిట్ 40 లక్షలు, వాడుకునేది 34.5

నెల మొదటి వారంలో బ్యాంకు నుంచి ఫోను వస్తుంది. "స్టాక్ స్టేట్‌మెంట్ ఇంకా పంపలేదండీ." చాలామంది వ్యాపారులు ఆ పని గుమాస్తాకు వదిలేస్తారు. ఆయన పోయిన నెల కాగితంలో నాలుగు అంకెలు మార్చి పంపేస్తాడు. సీసీ ఖాతాలోంచి ఈ నెల ఎంత తీసుకోవచ్చో తేల్చేది ఆ కాగితమేనన్న సంగతి, చెక్కు తిరిగొచ్చిన రోజున గానీ బుర్రకెక్కదు.

బ్యాంకు మంజూరు చేసిన లిమిట్ గరిష్ఠ హద్దు మాత్రమే. ఆ హద్దు లోపల ఏ నెలకా నెల కొట్లో ఉన్న సరుకు, రావలసిన బాకీలను బట్టి బ్యాంకు లెక్కగట్టేది డ్రాయింగ్ పవర్. బ్యాంకు వాళ్లు పొట్టిగా డీపీ అంటారు. లిమిట్, డీపీ రెండిట్లో ఏది తక్కువైతే అంతే వాడుకోవాలి.

విజయవాడలో పైపులు, మోటార్లు టోకున అమ్మే ఒక కొట్టు ఉందనుకుందాం. సీసీ లిమిట్ 40 లక్షలు. మంజూరు పత్రంలో సరుకు మీద మార్జిన్ 25 శాతం, బాకీల మీద 40 శాతం అని ఉంది. ఈ శాతాలు బ్యాంకును బట్టి, ఖాతాను బట్టి మారతాయి. ఎవరి పత్రం వాళ్లు చూసుకోవాలి.

నెలాఖరుకి కొట్లో సరుకు 62 లక్షలు. అందులో ఏళ్ల తరబడి కదలని మోటార్లు 4 లక్షలవి. వాటిని తీసేస్తే 58. కంపెనీలకు ఇంకా కట్టాల్సింది 18 లక్షలు. అదీ తీసేయాలి. అరువుకు తెచ్చిన సరుకులో పెట్టుబడి కంపెనీవాడిది. దాని మీద బ్యాంకు మళ్లీ అప్పిస్తే ఒకే సరుకు మీద రెండు అప్పులైనట్టు. మిగిలిన 40 లక్షల్లో పావు వంతు మార్జిన్ పోతే 30 లక్షలు.

ఇక బాకీలు. మొత్తం 30 లక్షలు రావాలి. వాటిలో 90 రోజులు దాటినవి 8 లక్షలు, తమ్ముడి కొట్టు ఇవ్వాల్సింది 2 లక్షలు. సాధారణంగా ఈ రెండూ లెక్కలోకి రావు. మిగిలిన 20 లక్షల్లో 40 శాతం మార్జిన్ తీస్తే 12. మొత్తం డీపీ 42 లక్షలు. లిమిట్ 40 కనుక 40 దాకా వాడుకోవచ్చు.

మరుసటి నెల చూడండి. సరుకు 60 లక్షలు ఉంది, పెద్దగా తగ్గలేదు. బాకీలైతే 34 లక్షలకు పెరిగాయి. వ్యాపారం బాగుందనే ఎవరైనా అనుకుంటారు. కానీ కంపెనీలకు కట్టాల్సింది 26 లక్షలైంది, 90 రోజులు దాటిన బాకీలు 12 లక్షలకు చేరాయి. పాత మోటార్లు, కంపెనీ అప్పు పోగా సరుకులో మిగిలేది 30, మార్జిన్ పోతే 22.5. బాకీల్లో పనికొచ్చేవి మళ్లీ 20, అంటే 12. డీపీ 34.5 లక్షలు. ఖాతాలో అప్పటికే 38 లక్షలు వాడేసి ఉన్నారు. 3.5 లక్షలు హద్దు మీరింది.

ఇక్కడే కొందరికి కంపెనీ అప్పు తక్కువ రాయాలనో, పాత బాకీకి కొత్త తేదీ వేయాలనో బుద్ధి పుడుతుంది. అది నిలిచే పని కాదు. పోయిన నెల సరుకుకు ఈ నెల కొన్నది కలిపి, అమ్మిన సరుకు అసలు ఖరీదు తీసేస్తే ఇప్పుడెంత ఉండాలో తెలిసిపోతుంది. కొన్నదీ అమ్మిందీ జీఎస్టీ రిటర్నుల్లో ఉంటాయి. మేనేజరు గోడౌనుకు వచ్చి చూసినా చాలు.

అలాగని స్టేట్‌మెంట్ ఇవ్వకుండా ఊరుకున్నా ముప్పే. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం మూడు నెలలు దాటిన పాత స్టేట్‌మెంట్ మీద లెక్కగట్టిన డీపీతో వాడిన డబ్బు క్రమం తప్పినదే అవుతుంది. అలాంటి వాడకం వరసగా 90 రోజులు సాగితే, వ్యాపారం నడుస్తున్నా సరే, ఖాతా మొండి బాకీల్లో పడుతుంది.

మరి ఆ 3.5 లక్షలు ఎలా సర్దాలి? సీసీలోంచి తీసి కంపెనీకి 4 లక్షలు కడితే డీపీ 3 లక్షలే పెరుగుతుంది, వాడకం మాత్రం 4 పెరుగుతుంది. ఇంకో 1 లక్ష లోతుకు దిగినట్టే. కొత్త బాకీల్లోంచి 3.5 లక్షలు వసూలు చేసి జమచేస్తే వాడకం 34.5కి దిగుతుంది గానీ, ఆ బాకీలు లెక్కలోంచి పోయాయి కనుక డీపీ కూడా 2.1 లక్షలు తగ్గుతుంది. తేడా ఇంకా 2.1 మిగిలే ఉంటుంది. 90 రోజులు దాటిన 12 లక్షల్లోంచి అదే 3.5 లక్షలు రాబట్టారనుకోండి, అవి డీపీలో ముందే లేవు కనుక డీపీ పైసా తగ్గదు, ఖాతా సరిగ్గా 34.5 దగ్గర నిలుస్తుంది. గుమాస్తాను వసూళ్లకు పంపేటప్పుడు ముందుగా చేతికివ్వాల్సింది ఆ పాత బాకీల జాబితానే.