గీత దగ్గర విరిగిన మాట

స్కాన్ చేసిన పాత పుస్తకం నుంచి పాఠాన్ని కాపీ చేసి, అందులో 'పరిశీలన' అన్న మాట కోసం వెతికితే ఒక్కోసారి ఏమీ దొరకదు. మాట పేజీలో కంటికి కనిపిస్తూనే ఉంటుంది. అయితే అచ్చువేసిన నాడు వరుసలో చోటు చాలక కంపోజిటర్ దాన్ని 'పరి-' దగ్గర ఆపి, 'శీలన'ను కింది వరుసలోకి దించాడు. అక్షరాలను గుర్తించే ఓసీఆర్ ప్రోగ్రాం ఆ గీతనూ, వరుస తెగిన చోటునూ ఉన్నవి ఉన్నట్టుగా దించేసింది. ఇప్పుడు కంప్యూటర్ లెక్కలో అక్కడున్నవి రెండు ముక్కలు. సెర్చ్‌కు దొరకనిది నిఘంటువు తయారు చేసేవాళ్లకూ, కళ్లు కనిపించనివారికి పాఠం చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కూ దొరకదు.

వరుస చివరి గీతలన్నీ తీసేసి ముక్కలు అతికిస్తే సరిపోతుందనిపిస్తుంది. అలా చేస్తే ఏమవుతుందో చూడటానికి ఈ వ్యాసం కోసమే రాసిన ఆరు వరుసలు ఇవి:

```
ఊరి చరిత్రపై పరి-
శీలన చేసిన వా
ళ్లు 1914-
18 నాటి ఒక తెలుగు-
ఇంగ్లీషు నిఘంటు-
వును చూశారు.
```

ఇందులో వరుస చివర నాలుగు గీతలున్నాయి. నాలుగూ తీసేస్తే 'పరిశీలన', 'నిఘంటువును' బాగుపడతాయి. 1914-18 మాత్రం 191418 అవుతుంది. 'తెలుగు-ఇంగ్లీషు' కాస్తా 'తెలుగుఇంగ్లీషు' అవుతుంది. ఇక 'వాళ్లు' దగ్గర అసలు గీతే లేదు కాబట్టి అది విరిగిన మాటగానే మిగిలిపోతుంది. పాత ముద్రణల్లో కొన్నిచోట్ల ఇలా గీత పెట్టకుండానే మాటను విరిచేవారు. అంటే తేల్చుకోవాల్సినవి మూడు: ఏ గీత తీయాలి, ఏ గీత ఉంచాలి, గీత లేని చోట ఎక్కడ కలపాలి.

తెలుగు లిపి ఇక్కడ గొప్ప సాయం చేస్తుంది. తెలుగు మాట మధ్యలో అచ్చు దాదాపుగా విడిగా నిలబడదు, గుణింతంగా మారి హల్లులో చేరిపోతుంది. కాబట్టి గీత తర్వాతి వరుస అ, ఆ, ఇ లాంటి అచ్చుతో మొదలైతే అక్కడ రెండో మాట మొదలైందని అర్థం. 'తెలుగు-ఇంగ్లీషు'లో గీత ఉండాల్సిందేనని ఆ ఒక్క 'ఇ' చెప్పేస్తుంది. 'సీఐడీ' లాంటి పొడి అక్షరాల పేర్లు మాత్రం ఈ సూత్రానికి లొంగవు. రెండో ఆనవాలు దీనికి ఎదురుగా పనిచేస్తుంది. తెలుగు మాటలు ణ, ళ అక్షరాలతో మొదలు కావు. వరుస మొదట్లో 'ళ్లు' గానీ 'ణము' గానీ కనిపిస్తే, పై వరుస చివర గీత ఉన్నా లేకున్నా ఆ ముక్క పైమాటదే. 'వా', 'ళ్లు' కలవాలని అలా తెలుస్తుంది. అంకెల మధ్య గీతను ఎప్పుడూ ముట్టుకోకూడదు.

ఈ ఆనవాళ్లకు అందనివీ ఉంటాయి. 'తెలుగు-' తర్వాతి వరుసలో 'కన్నడ' వస్తే అది హల్లుతో మొదలైంది కాబట్టి సూత్రం ప్రకారం కలపాలి, కానీ అక్కడ గీత నిజమైనదే. గీత లేకుండా ఒక వరుస 'రామ' అని ముగిసి, తర్వాతిది 'చిలుక' అని మొదలైతే ఇంకా చిక్కు. రెండు ముక్కలూ మాటలే, కలిపితే వచ్చేదీ మాటే. స్పెల్‌చెకర్ ఇక్కడ పెద్దగా ఉపయోగపడదు. 'చదువుకుంటున్నవాళ్లకు' లాంటి రూపాలన్నిటినీ ఏ నిఘంటువూ జాబితా కట్టలేదు కనుక, సరైన మాటకు కూడా అది ఎర్రగీత గీస్తుంది. ఇంతకంటే నమ్మదగిన సాక్షి అదే పుస్తకం. ఆ మాట వరుస మధ్యలో మరోచోట ఎలా అచ్చయిందో వెతికి, అదే రూపం ఇక్కడా ఉంచాలి. అలా కాలపు వర్ణక్రమం కూడా చెడకుండా నిలుస్తుంది.

పని చేసే వరుసక్రమం కూడా ముఖ్యమే. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో పేరా గుర్తును `^p` అని వెతకవచ్చు. ముందుగా పేజీ అంకెలనూ, ప్రతి పేజీ నెత్తిన వచ్చే ప్రకరణం పేరునూ తీసేయాలి. లేకపోతే పేజీ చివర విరిగిన మాటకు మధ్యలో '47' వచ్చి కూర్చుంటుంది. పేజీ మారినచోట మిగిలే ఖాళీ వరుసలను కూడా అప్పుడే తొలగించాలి. తర్వాత అసలైన పేరాలను కాపాడుకోవాలి. పేరాల మధ్య ఖాళీ వరుస ఉంటే `^p^p` ఉన్నచోటల్లా `@@` పెట్టాలి. అప్పుడు `-^p` వెతుకుతూ, కలపాల్సిన చోట దాన్ని తీసేస్తూ, ఉంచాల్సిన చోట దాటేస్తూ పోవాలి. దాటేసిన వాటన్నిటినీ చివరికి ఒకేసారి ఉత్త `-`గా మార్చవచ్చు. ఆ తర్వాత `^pళ`, `^pణ` వెతికి పైవరుసతో కలపాలి. మిగిలిన `^p`లను ఖాళీగా మార్చి, `@@`లను తిరిగి `^p` చేస్తే పని పూర్తవుతుంది. ఈ క్రమం తారుమారై వరుసలను ముందే కలిపేస్తే 'పరి- శీలన' అని మిగులుతుంది. గీత, దాని వెంట ఖాళీ కలిపి ఒకసారి వెతికితే అలాంటివి బయటపడతాయి.

పుస్తకం మొత్తాన్ని పైథాన్ ప్రోగ్రాంతో సరిచేసేవాళ్లు మరో గోతిలో పడుతుంటారు. ఇంగ్లీషు పాఠాలకు అందరూ వాడే సూత్రం `(\w)-\n(\w)`. పైథాన్ సొంత `re` లైబ్రరీ దృష్టిలో `\w` అంటే అక్షరం లేదా అంకె, గుణింతపు గుర్తు అందులోకి రాదు. 'రి' అంటే యూనికోడ్‌లో ర, దాని వెంట గుడి గుర్తు. అందువల్ల ఈ సూత్రం 'రాజ-ధాని'ని కలుపుతుంది, 'పరి-శీలన'ను వదిలేస్తుంది. ప్రోగ్రాం ఏ తప్పూ చూపదు కాబట్టి, సగం పని జరిగిన సంగతి చాలాకాలం ఎవరికీ తెలియదు. తెలుగుకు ఇలా రాయాలి:

```
t = re.sub(r'([\u0C00-\u0C63])[-\u00AD\u2010]\n([\u0C15-\u0C39])', r'\1\2', t)
```

గీతకు ముందు ఏ తెలుగు అక్షరమైనా, గుణింతపు గుర్తైనా ఉండవచ్చు. తర్వాత మాత్రం క నుంచి హ వరకు ఉన్న హల్లే రావాలి. దాంతో అచ్చులూ, తెలుగు అంకెలూ వాటంతట అవే తప్పుకుంటాయి. మధ్యలో ఉన్న `\u00AD` సాఫ్ట్ హైఫన్. అది చాలాసార్లు తెరమీద కనిపించదు గానీ మాటను మాత్రం రెండుగా విడదీసే ఉంచుతుంది.

పద్యాలకు ఈ సూత్రాలేవీ వర్తించవు. ఉత్పలమాల, చంపకమాల వంటి వృత్తాల్లో పాదం ముగిసినచోట మాట ముగియాలన్న నియమం లేదు. మాట సగం ఒక పాదంలో, సగం తర్వాతి పాదంలో పడటం మామూలే. ఆ విరుపు ఛందస్సుది, కంపోజిటర్‌ది కాదు. దాన్ని అతికిస్తే పాదం చెడుతుంది. కాబట్టి పద్యాలను ముందే వేరుచేసి, వచనానికి మాత్రమే ఈ మార్పులు చేయాలి.

పాత పుస్తకాలను దిద్దే డిస్ట్రిబ్యూటెడ్ ప్రూఫ్‌రీడర్స్ అనే స్వచ్ఛంద బృందం 2000 నుంచి పనిచేస్తోంది. గీత ఉంచాలో తీయాలో తేలనప్పుడు గీత పక్కన ఒక చుక్కగుర్తు పెట్టి `to-*day` అని వదలమని వాళ్ల నియమం. పాత ఇంగ్లీషులో ఆ మాటను గీతతోనూ రాసేవారు గనుక, ఒక్క పేజీ చూసి తీర్పు చెప్పలేరు. పుస్తకమంతా చూసే చివరి సంపాదకుడు దాన్ని తేలుస్తాడు. తెలుగు పుస్తకాలను డిజిటల్ చేసేవారు కూడా ఈ పద్ధతిని పాటించాలి. సందేహం ఉన్నచోట `-*` పెట్టండి, స్కాన్ పేజీతో పోల్చి తేల్చండి, ఓసీఆర్ ఇచ్చిన మొదటి పాఠాన్ని మార్చకుండా ఒక కాపీ విడిగా దాచండి.